ఎనుమాముల మార్కెట్ దగ్గర 13,500కి కొన్న "ఎస్24 అల్ట్రా": 16 జీబీ ర్యామ్, 1 టీబీ నిజమేనా?

నర్సంపేట_నవీన్ · మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా చిన్నాయన మొన్న ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి, పైసలు తీసుకుని బయటికి వస్తుంటే గేటు అవతల ఒకతను పట్టుకున్నాడట. దుబాయ్ నుంచి వచ్చానని, తల్లి ఆస్పత్రిలో ఉందని, అర్జెంటుగా పైసలు కావాలని చెప్పి సంచిలోంచి కొత్త బాక్సు తీశాడు. శాంసంగ్ ఎస్24 అల్ట్రా. నలభై వేల దగ్గర మొదలుపెట్టి 13,500కి ఇచ్చేశాడు. బిల్లు లేదు, "కస్టమ్స్ మాల్‌కి బిల్లు ఉండదు" అన్నాడట.

బాక్సు బాగానే ఉంది. లోపల ఛార్జర్, ఇయర్‌ఫోన్లు కూడా ఇచ్చారు. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చూస్తే ప్రాసెసర్ `Snapdragon 8 Gen 3`, ర్యామ్ `16 GB`, స్టోరేజీ `1 TB`, ఆండ్రాయిడ్ 14 అని రాసి ఉంది. రెండు సమస్యలు మాత్రం ఉన్నాయి. చిన్నాయన జియో సిమ్ వేస్తే సర్వీస్ రావట్లేదు. నా ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే కాల్స్ వస్తున్నాయి, పైన 5జీ గుర్తు కూడా ఉంది, కానీ వాట్సాప్‌లో ఒక ఫొటో పోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఇది అసలుదేనా, డూప్లికేటా? ఇంట్లోనే తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

కాజీపేట_క్రాంతి · రాత్రి 9:20

అనుమానం ఎందుకు బ్రో, ప్లే స్టోర్ నుంచి సీపీయూ-జడ్ వేయి. అది చిప్ నుంచి నేరుగా చదువుతుంది. సెట్టింగ్స్‌లో ఏదైనా రాసుకోవచ్చు గానీ సీపీయూ-జడ్ ముందు దాక్కోలేరు. అందులో స్నాప్‌డ్రాగన్ అని వస్తే కళ్లు మూసుకుని వాడుకో.

పరకాల_పటేల్ · రాత్రి 9:31

మా దగ్గర కూడా జియో సిగ్నల్ రాదు నవీనూ. మా వాడకట్టు వెనకున్న టవర్ ఆరు నెలల నుంచి అంతే. కంప్లైంట్ ఇస్తే "అప్‌గ్రేడ్ నడుస్తోంది" అంటారు. ఫోన్‌ది తప్పు కాదు, సిమ్ మార్చుకోండి.

నర్సంపేట_నవీన్ · రాత్రి 9:48

పటేల్ గారూ, అదే జియో సిమ్ చిన్నాయన పాత ఫోన్లో ఫుల్ సిగ్నల్ చూపిస్తోంది.

క్రాంతీ, సీపీయూ-జడ్ వేశాను. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 అనే వచ్చింది! ఎనిమిది కోర్లు, మోడల్ `SM-S928B`. చిన్నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు, "నేను చెప్పలే?" అంటున్నాడు.

బెంచ్_సదన్న · హన్మకొండ · రాత్రి 10:26

నవీన్ తమ్మీ, చిన్నాయనను అప్పుడే సంబరపడనీయకు. పన్నెండేళ్లుగా ఫోన్ల బోర్డులు విప్పుతున్నాను, నువ్వు రాసింది చదివితే ఫోన్ చూడకుండానే మూడు తేడాలు కనిపిస్తున్నాయి.

ఎస్24 అల్ట్రాను కంపెనీ 12 జీబీ ర్యామ్‌తోనే తెచ్చింది. స్టోరేజీ 256, 512, 1 టీబీ అని మూడు రకాలున్నాయి గానీ ర్యామ్ అన్నింట్లోనూ 12. పదహారు అనేది ఆ మోడల్‌లో లేనే లేదు. మోసం చేసేవాడికి పెద్ద అంకె వేస్తే బాగా అమ్ముడుపోతుందనే ఆశ, అక్కడే దొరికిపోతాడు. రెండోది ఛార్జర్. అసలు బాక్సులో కేబుల్ తప్ప ఛార్జర్ ఇవ్వరు, ఇయర్‌ఫోన్ల మాట దేవుడెరుగు.

మూడోది జియో సిమ్. అన్నింటికంటే గట్టి రుజువు ఇదే, దీనికి ఏ యాప్ అక్కర్లేదు. జియోకు 2జీ, 3జీ లేవు, మొదటి రోజు నుంచీ 4జీనే. ఇలాంటి ఫస్ట్ కాపీ ఫోన్లలో ఎక్కువగా `MT6580` అనే మీడియాటెక్ చిప్ వేస్తారు. పాత, చవక చిప్. నాలుగు కోర్లు, 3జీ వరకే పట్టుకుంటుంది. 4జీ రేడియోనే లేని ఫోన్ జియో టవర్‌ను ఎలా పట్టుకుంటుంది? ఎయిర్‌టెల్ వాళ్లు 3జీ ఎప్పుడో ఆపేశారు, 2జీ మాత్రం కాల్స్ కోసం ఉంచారు. అందుకే నీ కాల్స్ వస్తున్నాయి, ఫొటో మాత్రం 2జీ మీద పాకుతోంది. పైనున్న 5జీ గుర్తు ఒట్టి బొమ్మ, ఏ నెట్‌వర్క్ మీదున్నా అదే కనిపించేలా పెట్టి ఉంటారు.

ఒక జాగ్రత్త. జియో సిమ్ పనిచేసినంత మాత్రాన ఫోన్ అసలుదని కాదు. కొంచెం ఖర్చు పెట్టినవాడు `MT6737`, `MT6739` లాంటి 4జీ చిప్‌లు వేస్తాడు, వాటిలో జియో వస్తుంది.

ఇక సీపీయూ-జడ్ సంగతి. క్రాంతి చెప్పింది సగమే నిజం. ఆ యాప్ కొన్నింటిని కింద నుంచి చదువుతుంది, కొన్నింటిని ఆండ్రాయిడ్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఈ ఫోన్లలో ఆండ్రాయిడ్‌నే మార్చేసి ఉంటారు. అంటే నువ్వు దొంగనే అడుగుతున్నావు, "నువ్వు దొంగవా?" అని. కొన్నింట్లో ఫలానా యాప్ తెరిస్తే ఫలానా అంకెలు చూపించు అని పేరుపేరునా రాసి పెడతారు, పేరున్న యాప్‌లే ఆ లిస్టులో ముందుంటాయి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకు. ఆ ఫోన్లో ఉన్న క్రోమ్ తెరిచి, అడ్రస్ కొట్టే చోట ఇది టైపు చెయ్యి:

```
chrome://gpu
```

పెద్ద పేజీ వస్తుంది, భయపడకు. మెనూలో పేజీలో వెతికే ఆప్షన్ తీసుకుని `GL_RENDERER` అని కొట్టు. దాని పక్కన ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయి. అసలు ఫోన్ అయితే అక్కడ `Adreno` అనే మాట ఉండాలి, పక్కన 750 ఉండాలి.

నర్సంపేట_నవీన్ · రాత్రి 10:41

అన్నా, `Mali-400 MP` అని ఉంది. అడ్రెనో అని వెతికితే ఎక్కడా లేదు.

బెంచ్_సదన్న · రాత్రి 10:47

అయిపోయింది తమ్మీ. స్నాప్‌డ్రాగన్‌లో మాలి గ్రాఫిక్స్ ఉండదు. అడ్రెనో క్వాల్‌కామ్‌ది, మాలి ఆర్మ్ కంపెనీది. పైగా మాలి-400 అంటే చాలా పాతది, `MT6580`తో వచ్చేది అదే. తెర మీద బొమ్మ గీయాలంటే క్రోమ్ గ్రాఫిక్స్ డ్రైవర్‌తో మాట్లాడాల్సిందే, ఆ డ్రైవర్ తన పేరు తానే చెప్పుకుంటుంది. సెట్టింగ్స్ పేజీలో అక్షరాలు మార్చినంత తేలిక కాదు ఇది.

కాజీపేట_క్రాంతి · రాత్రి 10:55

సరే అన్నా, ఒప్పుకుంటా. కానీ స్నాప్‌డ్రాగన్ లేనంత మాత్రాన డూప్లికేట్ అంటే ఎలా? మా ఫ్రెండ్ ఎస్24 ఇక్కడే షోరూంలో బిల్లుతో కొన్నాడు, దాంట్లో స్నాప్‌డ్రాగనే లేదు, ఎక్సినోస్ ఉంది. వాడిదీ డూప్లికేటేనా?

బెంచ్_సదన్న · రాత్రి 11:03

మంచి ప్రశ్న. కాదు. 2024లో విడుదలైనప్పుడు మన దేశంలో ఎస్24, ఎస్24 ప్లస్ ఎక్సినోస్ 2400తో వచ్చాయి, అల్ట్రా ఒక్కటే స్నాప్‌డ్రాగన్‌తో వచ్చింది. అందుకే ముందు ఆ మోడల్‌కు మన దేశంలో ఏ చిప్ ఉండాలో కంపెనీ సైట్‌లో చూసుకుని, తర్వాత ఫోన్లో ఉన్నదానితో పోల్చాలి. మాలి చెడ్డదని కాదు, అల్ట్రా అని చెప్పిన ఫోన్లో మాలి ఉండటమే తప్పు.

లావణ్య_కేయూ · బుధవారం, ఉదయం 7:50

రాత్రి చూడలేదు. నవీన్, ల్యాప్‌టాప్ ఉంటే ఇంకొక్క అడుగు వేద్దాం, ర్యామ్ కూడా తేలిపోతుంది. గూగుల్ డెవలపర్ సైట్ నుంచి ప్లాట్‌ఫామ్ టూల్స్ దించుకో. ఫోన్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యి. కేబుల్ పెట్టి ఒక్కోటీ కొట్టు:

```
adb shell getprop ro.board.platform
adb shell cat /proc/cpuinfo
adb shell cat /proc/meminfo
adb shell cat /proc/partitions
```

చివరిది కొన్ని ఫోన్లలో `Permission denied` అంటుంది. అంటే అది కంగారు పడాల్సిన విషయం కాదు, కొత్త ఆండ్రాయిడ్‌లలో మామూలే.

నర్సంపేట_నవీన్ · ఉదయం 9:34

అక్కా, మూడు కేబుళ్లు మార్చాక కనెక్ట్ అయింది. మొదటి రెండూ ఛార్జింగ్‌కే పనికొచ్చేవట. వచ్చినవాటిలో నాకు అర్థమైన లైన్లు ఇవి:

```
mt6580

processor        : 0
CPU architecture : 7
CPU part         : 0xc07
Hardware         : Qualcomm Snapdragon 8 Gen 3

MemTotal:         996148 kB

mmcblk0          7634944
```

ఒకే ప్రాసెసర్ అని ఉంది ఏంటి? `Hardware` దగ్గర మాత్రం స్నాప్‌డ్రాగన్ అనే ఉంది.

లావణ్య_కేయూ · ఉదయం 10:15

ఆ `Hardware` లైన్ చూసి నవ్వొచ్చింది. అది ఒట్టి అక్షరాలు, ఎవరైనా రాసేయొచ్చు. నిజమైన ఫోన్లు అంత అందంగా రాసి కూడా పెట్టవు. దాని పైనున్న `CPU part` అసలు విషయం. అది కోర్ తనలో తాను మోసుకు తిరిగే గుర్తింపు నంబర్. `0xc07` అంటే కార్టెక్స్-ఎ7, 32 బిట్ కోర్. అల్ట్రాలో ఒక్క ఎ7 కోర్ కూడా ఉండదు, అక్కడ `CPU architecture` దగ్గర 8 ఉంటుంది.

ఒకే ప్రాసెసర్ కనిపించడం మోసం కాదు. పని లేనప్పుడు ఈ చిప్ మిగతా మూడు కోర్లను పడుకోబెడుతుంది, మేలుకుని ఉన్నవే లిస్టులో వస్తాయి. పక్కన వీడియో నడుపుతూ మళ్లీ కొట్టు, రెండో మూడో కనిపిస్తాయి. ఎనిమిది మాత్రం ఎప్పటికీ రావు.

`MemTotal` కిలోబైట్లలో ఉంటుంది. 996148 అంటే ఒక జీబీ కన్నా కాస్త తక్కువ. 16 అని చెప్పి 1 జీబీ ఇచ్చారు. `mmcblk0` అంటే లోపలి స్టోరేజీ చిప్ మొత్తం సైజు, అదీ కిలోబైట్లలోనే. అంటే 8 జీబీ చిప్.

జనగామ_జ్యోతి · ఉదయం 10:40

నాకు టెన్షన్ మొదలైంది. నేను 8 జీబీ, 128 జీబీ అని షాపులో బిల్లుతో కొన్నాను. పైన చెప్పినట్టు మా అబ్బాయి కొట్టి చూస్తే `MemTotal` ఏడున్నరకు కూడా రావట్లేదు, స్టోరేజీ ఏ మూల చూసినా 119 దాటట్లేదు. నాకూ తక్కువే ఇచ్చారా?

లావణ్య_కేయూ · ఉదయం 10:58

లేదు జ్యోతి గారూ, మీది నిక్షేపంగా ఉంది. ర్యామ్‌లో కొంత భాగాన్ని సిగ్నల్ చూసే మోడెమ్, గ్రాఫిక్స్ లాంటివి మొదట్లోనే తమకు పక్కన పెట్టుకుంటాయి, మిగిలింది మాత్రమే అక్కడ కనిపిస్తుంది. 8 జీబీ ఫోన్లో ఏడున్నర దగ్గర ఉండటం మామూలే. స్టోరేజీలో అయితే లెక్క వేరు. చిప్ తయారీవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటారు, కంప్యూటర్ 1024ను మూడుసార్లు గుణించి లెక్కేస్తుంది. 128ని అలా మారిస్తే వచ్చేది 119. అందులో సిస్టమ్ కూర్చున్నాక ఇంకాస్త తగ్గుతుంది.

తేడా ఎప్పుడూ పదో వంతు అటూఇటూ ఉంటుంది. ఇలా పదహారో వంతే మిగిలితే మోసం.

గోదావరిఖని_గోపి · మధ్యాహ్నం 12:05

ఇదంతా ఎందుకన్నా, 14422కు మెసేజ్ పెడితే సరిపోయేది కదా. *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ తీసుకుని, `KYM` అని రాసి ఒక స్పేస్ ఇచ్చి ఆ 15 అంకెలు పంపితే ఫోన్ కంపెనీ, మోడల్ వచ్చేస్తాయి. ప్రభుత్వం పెట్టిందే.

నర్సంపేట_నవీన్ · మధ్యాహ్నం 12:21

పంపాను గోపన్నా. శాంసంగ్ అని, ఎస్24 అల్ట్రా అని వచ్చింది. ఇప్పుడు ఎవరిని నమ్మాలి?

బెంచ్_సదన్న · మధ్యాహ్నం 1:10

ఇద్దరినీ నమ్ము, అయితే ఎవరు ఏం చెప్పారో చూసి నమ్ము. 14422 ఫోన్‌ను చూడలేదు, నంబర్‌ను చూసింది. ఏ షాపు షెల్ఫ్‌లోనో ఉన్న అసలు బాక్సు మీది నంబర్ కాపీ కొట్టి ఇందులో ఎక్కించారు. ఆ నంబర్ అసలుదే, దాన్ని వేసుకున్న ఫోన్ కాదు. మా బెంచ్ మీదికి ఒకసారి ఇలాంటివే మూడు ఫోన్లు ఒకే వారంలో వచ్చాయి. మూడింటికీ ఒకటే ఐఎంఈఐ.

ఆ మెసేజ్ పనికిరాదని కాదు గోపీ. చేతిలో శాంసంగ్ పెట్టుకుని పంపితే వేరే కంపెనీ బటన్ ఫోన్ పేరు వస్తే అక్కడితో కథ అయిపోయినట్టే. తప్పు జవాబు వస్తే డూప్లికేట్ ఖాయం, సరైన జవాబు వస్తే మాత్రం ఏమీ తేలలేదు. కొనే ముందు రోడ్డు మీద నిలబడి చేయగలిగిన పరీక్ష కాబట్టి చెయ్యడం మంచిదే.

కాజీపేట_క్రాంతి · మధ్యాహ్నం 1:32

ర్యామ్ విషయంలో ఒకటి చెప్తా. ఈ మధ్య షోరూముల్లో కూడా "16 జీబీ" అని బోర్డు పెట్టి, లోపల 8 ఇస్తున్నారు. 8+8 అట. అవన్నీ కూడా ఇదే బాపతు మోసం.

లావణ్య_కేయూ · మధ్యాహ్నం 1:50

ఇదే బాపతు కాదు క్రాంతీ. అక్కడ నిజంగా 8 జీబీ ర్యామ్ ఉంటుంది, స్టోరేజీలో ఇంకో 8 పక్కన పెట్టి ర్యామ్ నిండినప్పుడు వాడుకుంటారు. స్టోరేజీ ర్యామ్ అంత వేగంగా ఉండదు కాబట్టి రెండూ కలిపి పదహారు అని పెద్దక్షరాల్లో వేయడం నాకూ నచ్చదు. కానీ బాక్సు మీద చిన్నక్షరాల్లో నిజం ఉంటుంది, `MemTotal` కూడా అసలు 8నే చెప్తుంది. నవీన్ ఫోన్లో బాక్సు, సెట్టింగ్స్, యాప్ మూడూ కలిసి అబద్ధమాడుతున్నాయి.

కాజీపేట_క్రాంతి · మధ్యాహ్నం 1:54

చిన్నక్షరాలు చదివేవాళ్లు ఎందరక్కా? నా దృష్టిలో రెండూ ఒకటే.

బెంచ్_సదన్న · సాయంత్రం 6:40

మీరిద్దరూ తర్వాత కొట్లాడుకోండి. నవీన్, స్టోరేజీ పరీక్ష ఒకటి మిగిలింది. ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు చూశాం గానీ, అందరి దగ్గరా ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టే ఓపిక ఉండదు. ఇంకా తెలివైనవాడు ఆ ఫైళ్లను కూడా మార్చి పెడతాడు, `MemTotal` సైతం అబద్ధం చెప్పిన బోర్డు ఒకటి నేను చూశాను. నింపి, ఎక్కినవి తెరిచి చూడటం ఒక్కటి మాత్రం ఎవడూ మోసం చేయలేడు. బిందె మీద వంద లీటర్లని రాయొచ్చు, నీళ్లు పోస్తే పట్టినంతే పడతాయి.

ఒక సినిమా ఫైల్ తీసుకో, 700 ఎంబీ ఉన్నా చాలు. ఫోన్లోకి కాపీ చెయ్యి. అదే ఫైల్‌ను పేరు మార్చి రెండోసారి, మూడోసారి, అలా ఎక్కిస్తూ పో. ఎన్నోదాని దగ్గర ఆగిందో రాయి. చిన్నాయన ఫొటోలు ఏమైనా అందులో ఉంటే ముందు బయటికి తీసిపెట్టు.

నర్సంపేట_నవీన్ · రాత్రి 8:55

అన్నా, చేశాను. ఒక్కోటీ ఎక్కడానికే చాలా సేపు పట్టింది. ఐదు ఎక్కాయి. ఆరోది సగంలో ఆగి, స్థలం లేదని వచ్చింది. అప్పుడు సెట్టింగ్స్‌లో స్టోరేజీ తెరిచాను. 1 టీబీలో ఇంకా `984 GB` ఖాళీ అని చూపిస్తోంది! చిన్నాయనకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇంత ఖాళీ ఉంటే ఆరోది ఎందుకు పడుతలేదురా?" అని నన్నే అడిగాడు. చిప్పూ కోర్లూ అని నేను ఎంత చెప్పినా ఎక్కలేదు గానీ, ఇది మాత్రం ఆయనకు అర్థమైంది.

బెంచ్_సదన్న · రాత్రి 9:15

లెక్క సరిపోయింది. 8 జీబీ చిప్, అందులో సిస్టమ్ మూడు దాకా తింటుంది, మిగిలిన దాంట్లో ఐదు సినిమాలు పడ్డాయి.

ఇలా ఆగిపోవడం నిజానికి మంచి రకం. ఇంకో రకం ఉంది, నకిలీ మెమరీ కార్డుల్లో ఎక్కువ. అది ఆగదు. నిండాక కొత్తవి పాతవాటి మీదే రాసేస్తుంది, లిస్టులో అన్ని పేర్లూ ఉంటాయి, తెరిస్తే మొదటివి తెరుచుకోవు. అందుకని కార్డుల విషయంలో నింపితే చాలదు, నింపాక మొదటి ఫైల్, మధ్యది, చివరిది తెరిచి చివరిదాకా ఆడించి చూడాలి.

లావణ్య_కేయూ · రాత్రి 9:32

ఆడించి చూసే బదులు ఇలా కూడా చేయొచ్చు, ఫైళ్లన్నీ `test` అనే ఫోల్డర్‌లో పెట్టి ఉంటే:

```
certutil -hashfile film.mp4 MD5
adb shell md5sum /sdcard/test/*
```

మొదటిది విండోస్ ల్యాప్‌టాప్‌లో, రెండోది ఫోన్ మీద. అదే ఫైల్‌ను పేర్లు మార్చి ఎక్కించాం కాబట్టి అన్ని లైన్లలోనూ ఒకే పొడుగాటి నంబర్ రావాలి. ఒక్కటి తేడా వచ్చినా అక్కడ రాత చెడింది. తేడా రాకపోతే పడిన ఫైళ్లు బాగానే ఉన్నాయని అనుకోవచ్చు.

మంచిర్యాల_మల్లేశ్ · గురువారం, ఉదయం 8:05

ల్యాప్‌టాప్ లేకుండా ర్యామ్ తెలుసుకునే దారి చెప్పండి. నాలుగైదు యాప్‌లు తెరిచి మళ్లీ మొదటిదానికి వెళ్తే అది మొదటి నుంచి లోడ్ అయితే ర్యామ్ తక్కువన్నట్టే కదా?

బెంచ్_సదన్న · ఉదయం 8:48

అనుమానం పెంచుకోవడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు. బ్యాటరీ కోసం వెనకున్న యాప్‌లను ఊరికే చంపేసే మంచి ఫోన్లు చాలా ఉన్నాయి. క్రోమ్‌లో పెద్ద పేజీలు మూడు నాలుగు ట్యాబుల్లో తెరిచి వెనక్కి వెళ్లి చూడు. 12 జీబీ ఫోన్లో అవి అలాగే ఉండాలి. రెండో ట్యాబ్ నుంచి మొదటిదానికి వచ్చేసరికే తెల్ల తెర వచ్చి మళ్లీ లోడ్ అయితే, ఒకట్రెండు జీబీల ఫోన్ అని అనుకోవచ్చు.

ఇంకోటి, ప్లే స్టోర్‌లో గీక్‌బెంచ్ 6 వెతుకు. దానికి ఆండ్రాయిడ్ 10 ఉండాలి. పైన 14 అని రాసుకున్న ఫోన్‌కి "మీ డివైస్‌లో పనిచేయదు" అని వస్తే, లోపల ఉన్నది చాలా పాత ఆండ్రాయిడ్ అయి ఉండొచ్చు. నవీన్, ఓసారి చూడు.

నర్సంపేట_నవీన్ · ఉదయం 9:20

పనిచేయదనే వచ్చింది. ఇప్పుడు ఆశ్చర్యం కూడా వేయట్లేదు.

కరీంనగర్_కిరణ్ · ఉదయం 11:30

నాది కొంచెం వేరే కేసు. సెకండ్ హ్యాండ్ ఫోన్, 256 జీబీ అని కొన్నాను. క్రోమ్‌లో అడ్రెనో సరైనదే వచ్చింది, ర్యామ్ సరిపోయింది, 200 జీబీ దాకా నింపాను, పట్టింది. కానీ 14422 మెసేజ్, బాక్సు రెండూ అది 128 జీబీ వేరియంట్ అంటున్నాయి. చిప్ మార్చి అమ్మారా?

బెంచ్_సదన్న · మధ్యాహ్నం 12:15

కిరణ్, ఆ మెసేజ్‌లో స్టోరేజీ కూడా వస్తుందా? నేను చూసిన వాటిలో మోడల్ పేరే వచ్చింది. బాక్సు మాట సరే. 128 చిప్ తీసి 256 వేయడం చేతనైనవాళ్లు చేస్తారు, 200 పట్టిందంటే స్థలం నిజమే. అది కొత్త చిప్పా, ఎక్కడో పాడైన బోర్డు మీంచి పీకిందా అనేది బోర్డు విప్పకుండా నేను చెప్పలేను. బాక్సే మారిపోయి ఉండొచ్చు కూడా. బాక్సు మీది ఐఎంఈఐ, *#06# కొడితే వచ్చేది ఒకటేనా?

కరీంనగర్_కిరణ్ · మధ్యాహ్నం 12:40

బాక్సు అన్న దగ్గర ఉంది. సాయంత్రం చూసి చెప్తా. మెసేజ్‌లో స్టోరేజీ లేదన్నా, నేనే కలిపేసి చెప్పాను.

నర్సంపేట_నవీన్ · సాయంత్రం 5:25

అమ్మినవాడి నంబర్ స్విచ్ ఆఫ్. అందులో అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే వీలుందా అన్నా? చిన్నాయన కనీసం ఫోన్‌పే కోసం వాడుకుంటా అంటున్నాడు.

బెంచ్_సదన్న · సాయంత్రం 6:02

శాంసంగ్ సాఫ్ట్‌వేర్ ఈ చిప్ మీద లేవదు. ఎక్కించబోతే ఇప్పుడున్నది కూడా పోతుంది.

ఫోన్‌పే మాత్రం వద్దు తమ్మీ, గట్టిగా చెప్పు. స్పెసిఫికేషన్లు మార్చడానికి ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవడో మొత్తం విప్పి కుట్టాడు, ఇంకేం పెట్టి కుట్టాడో మనకు తెలియదు. 2025లో కాస్పర్‌స్కీ వాళ్లు ఇలాంటి నకిలీ ఫోన్లలోనే ట్రయాడా అనే వైరస్ ఫర్మ్‌వేర్‌లోనే కలిసి ఉండటం చూశారు. అది మెసేజ్‌లను కూడా చదవగలదు, అంటే ఓటీపీలు దాని చేతిలో ఉన్నట్టే. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా పోదు. గూగుల్ అకౌంట్ పెట్టి ఉంటే తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకుకు లింకున్న సిమ్ కూడా అందులోంచి తీసెయ్యండి.

గోదావరిఖని_గోపి · సాయంత్రం 6:20

పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి. వాడు రేపు ఇంకో రైతును పట్టుకుంటాడు. మార్కెట్ గేటు దగ్గర కెమెరాలు ఉంటాయి.

నర్సంపేట_నవీన్ · రాత్రి 8:10

గోపన్నా, అదే చెప్పాను. బిల్లు లేకుండా కొన్నది తనే కాబట్టి తననే తిడతారని చిన్నాయన భయం. పైగా చిన్నమ్మకు ధర ఐదు వేలని చెప్పాడట, కంప్లైంట్‌లో 13,500 అని రాయాల్సి వస్తుంది. ఆదివారం ఇంటికి వెళ్లి మళ్లీ మాట్లాడతాను. సిమ్ తీసి పాత ఫోన్లో వేశాం, అకౌంట్ కూడా తీసేశాను. ఫోన్ టీవీ పక్కన ఉంది, అందులో ఆ ఐదు సినిమాలు ఇంకా అలాగే ఉన్నాయి.